ముప్పై మాటల బోర్డు

మాటలు సాగదీస్తే నాకు ఒళ్ళుమంట. అందుకే మా కైరవాన్ ఊళ్ళో పాత భూగర్భ నీటితొట్టి దగ్గర సందర్శకుల కోసం పెట్టే బోర్డును అరవై మాటల నుంచి ముప్పైకి కుదించాను. కాపలాదారు మబ్రూక్ నామీద విరుచుకుపడ్డాడు.

“‘కింద నుంచి పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు’ అన్నది కొట్టేశావేం తల్లీ?”

“కట్టుకథ కదా బాబాయ్!”

“నిన్న ఒకాయన పలికాడు. చెప్పులే మిగిలాయి.”

కొత్తగా చేయించిన చిన్న బోర్డులో ముప్పైకి మించి పట్టవు. కమానులెన్నో, రాళ్ళెక్కడివో చెప్పే ఆరు మాటలు తీసేసి, బాబాయ్ అడిగిన ఆరు మాటలూ తిరిగి చేర్చాను. లెక్క ముప్పై దగ్గరే నిలిచింది.

“సరిపోయిందా బాబాయ్?”

“బాగుంది జుహైరా, దిగి చూడు” అంది మబ్రూక్ గొంతు, తొట్టిలోంచి.

నా పక్కనే నిల్చున్న మబ్రూక్ నా నోరు గట్టిగా మూశాడు.