పావు కప్పు నూనె

అక్క మెట్ల మీద జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి విరిగిన బాధ కన్నా ఆమెకి మర్నాటి ఆర్డరు బెంగ ఎక్కువైంది. కేకుల వ్యాపారం మొదలుపెడతానని నాలుగేళ్లుగా అంటూ అంటూ, ఇన్నాళ్లకి వచ్చిన మొట్టమొదటి ఆర్డరది. పక్కవీధి స్కూల్లో టీచర్ల మీటింగు. ముప్పై ఆరుమంది. నిమ్మకాయ కేకు. బాగుంటే ప్రతి నెలా మీకే అని హెడ్మిస్ట్రెస్ అంది. బాగోకపోతే ఏమంటుందో చెప్పక్కర్లేదు.

"నేనున్నాగా అక్కా! నువ్వు కేకు కొలతలు రాసుకున్న కార్డు ఫొటో తీసి పంపు, మిగతాది నాకొదిలెయ్," అన్నాడు తమ్ముడు ఫోన్లో.

"ఒరేయ్, నువ్వు గుడ్డు పగలగొడితే పెంకులేరడానికి ఇంకో మనిషి కావాలి. మరదలు పక్కనుంటేనే పొయ్యి దగ్గరకెళ్లు."

తమ్ముడిది టైర్ల షాపు. గాలి లెక్క ఒక బండి పుస్తకంలో ఒక కొలతలో, ఇంకో బండి పుస్తకంలో ఇంకో కొలతలో ఉంటే, మీటరు చూసి నోటితోనే మార్చి చెప్పేస్తాడు. అందుకని కొలతలు మార్చడమన్నది తనకి పుట్టుకతో వచ్చిన విద్య అని అతని నమ్మకం.

మర్నాడు పొద్దున్నే అక్క ఎడమచేత్తో తీసిన ఫొటో వచ్చింది. కార్డు ఓరగా, సగం మీద ఆమె తల నీడ. పైన 'ఎనిమిది మందికి' అని ఉంది. కింద మైదా ఒకటిన్నర కప్పు, పంచదార ముప్పావు కప్పు, పెరుగు అర కప్పు, గుడ్లు మూడు, ఇంకా ఏవో. అతను ఆ ఫొటోని ఫోన్లోని వంటల యాప్‌కి మేపాడు. ఎనిమిది తీసి ముప్పై ఆరు కొట్టాడు. కప్పులు తీసి గ్రాములూ మిల్లీలీటర్లూ అడిగాడు. యాప్ క్షణంలో పట్టీ కక్కేసింది.

"నాలుగున్నర రెట్లు," అన్నాడు భార్యతో, ఆ యాప్‌ని తానే కన్నట్టు. "మైదా ఎనిమిది వందల నలభై నాలుగు గ్రాములు. పంచదార ఆరువందల డెబ్భై అయిదు."

భార్య బట్టలు కుడుతుంది. మెడలో టేపు తియ్యకుండానే వచ్చి చూసింది. "గుడ్లు పదమూడున్నరా? ఆ అర గుడ్డు కోడినడిగి తెస్తారా?"

"ఒక గుడ్డు గిలక్కొట్టి సగం పోస్తారే పిచ్చిదానా!"

"పోసి, మిగతా సగాన్ని ఏం చేస్తాం? ఐదు టిన్నులు వేసేద్దాం, నలభై మందికి. గుడ్లు పదిహేను. అర గుడ్డుతో కుస్తీ ఉండదు, నాలుగు ముక్కలు మిగిలితే మనం తినొచ్చు."

అది నచ్చింది అతనికి. ముఖ్యంగా చివరి మాట. తర్వాత పొయ్యి వేడి దగ్గర ఆగాడు. కార్డులో మూడువందల యాభై ఫారెన్‌హీట్, ముప్పై అయిదు నిమిషాలు అని ఉంది. వాళ్ల ఓవెన్ మీద సెల్సియస్ అంకెలు. "నూట డెబ్భై ఏడట. దీన్నీ ఐదుతో గుణించాలా?"

"మీ షాపుకి నాలుగు టైర్ల బండి వస్తే, ఒక్కో టైరుకీ నాలుగింతల గాలి కొడతారా?"

తమ్ముడు సిగ్గుపడి ఓవెన్ వైపు తిరిగాడు.

పట్టీలో చివరిది నూనె. 'పామ నూనె, వెయ్యి ఎనభై మిల్లీలీటర్లు' అని ఉంది. అతను కిరాణా షాపుకెళ్లి పామాయిల్ లీటరు ప్యాకెట్టు అడిగి, ఆ పైన ఎనభై కోసం ఇంకో ప్యాకెట్టు కూడా తెచ్చాడు.

భార్య ఆ రెండు ప్యాకెట్లనీ, అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఏవండీ, మనం కేకు వేస్తున్నామా, వేయిస్తున్నామా?"

"అక్క రాసిందే కదా! వంట ఆమెది, లెక్క నాది. మధ్యలో నీ కత్తెర పెట్టకు."

"కత్తెర పెట్టే ముందు నేను పాత గుడ్డ మీద కత్తిరించి చూస్తాను. ముందు ఒక్క టిన్ను వేసి చూడండి."

సరే, కార్డులో ఉన్నట్టే ఒక్క టిన్నుకి కొలిచారు. నూనె వెయ్యి ఎనభైని నాలుగున్నరతో భాగిస్తే రెండువందల నలభై వచ్చింది. అంటే నిండా ఒక కప్పు. పోశారు. పిండి నూనెలో మునిగి, నీళ్లలో దిగిన దూడలా దిక్కులు చూసింది. అయినా ఓవెన్‌లో పెట్టారు.

బయటికి తీసినప్పుడు కేకు నడుం విరిగి మధ్యలోకి కుంగింది. టిన్ను వంచితే అంచుల్లోంచి నూనె కారింది. తమ్ముడు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మీసాలు పెళ్లికొడుకు జుట్టులా నిగనిగలాడాయి.

"ఎలా ఉంది?" అంది భార్య.

"గొంతు దిగడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు."

నవ్వొచ్చింది గానీ ఇద్దరూ గోడ గడియారం వైపు చూశారు. సాయంత్రం నాలుక్కి కేకులు స్కూల్లో ఉండాలి. ఇదే తీసుకెళ్తే అక్క వ్యాపారం మొదలైన రోజే మూతపడుతుంది.

భార్య ఫోన్ లాక్కుని యాప్ పట్టీ మూసేసి, అసలు ఫొటో తెరిచింది. రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. సూదిలో దారం ఎక్కించేటప్పటిలా కళ్లు చికిలించింది.

"ఇది 'మ' కాదేమోనండీ. 'వు' ఏమో. వదిన కొమ్ముని కిందికి దించకుండా పక్కకి లాగేసింది. పామ కప్పు నూనె కాదు..."

తమ్ముడు అప్పటికే అక్కకి ఫోన్ కొట్టేశాడు. నేరుగా అడిగితే బండారం బయటపడుతుందని డొంకతిరుగుడుగా మొదలెట్టాడు. "అక్కా, ఊరికే అడుగుతున్నా, నీ కేకులో వాడేది పామాయిలేగా?"

"పామాయిలా! నా వంటింటి గడప తొక్కిందిరా అది ఎప్పుడైనా? ఎవడు చెప్పాడు నీకు?"

"నువ్వే రాశావుగా!"

"పావు అని రాశానురా బడుద్ధాయ్! పావు కప్పు! నూనె మామూలు పొద్దుతిరుగుడుది! ఒరేయ్, ఎంత పోశావు?"

"ఏమీ పొయ్యలేదక్కా," అన్నాడు మీసాలు తుడుచుకుంటూ.

యాప్ 'పావు'ని నూనె పేరు చేసేసింది. కొలత మాయమైపోయి ఒట్టి కప్పు మిగిలింది. అక్కడే నూనె నాలుగింతలైంది. పావు కప్పంటే అరవై మిల్లీలీటర్లు, ఐదు టిన్నులకి మూడువందలు. ఇంట్లో రోజూ వాడే సీసాలోనే ఉంది అంత. మిగతావన్నీ ఒక్కొక్కటీ ఫొటోతో సరిచూస్తూ, భార్య చదువుతుంటే అతను ఒకటికి ఐదు కట్టాడు. మైదా తొమ్మిదివందల నలభై గ్రాములు, పంచదార ఏడువందల యాభై, పెరుగు ఆరువందల మిల్లీలీటర్లు. ఓవెన్‌లో రెండేసి టిన్నులే పడతాయి గనక మూడు విడతలుగా కాల్చారు. వేడి అదే, విడతకి ముప్పై అయిదు నిమిషాలు అదే.

నాలుక్కి ఐదు నిమిషాలుందనగా ఐదు కేకులూ స్కూలు గేటు దాటాయి. హెడ్మిస్ట్రెస్ రెండో ముక్క తీసుకున్నప్పుడు తమ్ముడు ఊపిరి వదిలాడు. మూడోది తీసుకున్నప్పుడు మిగిలే నాలుగు ముక్కల మీద ఆశ కూడా వదిలాడు. వచ్చే నెలకి యాభై మందికి చెప్పిందావిడ.

ఆ మాట మోసుకుని ఇద్దరూ అక్క ఇంటికెళ్లారు. ఆమె సంతోషంతో కట్టు ఉన్న చెయ్యే ఎత్తి తమ్ముడి వీపు మీద వేసి, "అబ్బా!" అని తానే అరిచింది.

భార్య ఇక దాచలేక నూనె కథంతా చెప్పేసింది. అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. తమ్ముడికి రోషమొచ్చింది. "నీ రాత అలా ఉంటే ఫోనేం చేస్తుంది, నేనేం చేస్తాను? కొత్త కార్డు నేను రాస్తా. చంటిపిల్లాడు కూడా తప్పు చదవడు."

కుర్చీ లాక్కుని, నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం చెక్కినట్టు రాశాడు. నూనె దగ్గర ఇంకాస్త ఒత్తి రాశాడు. భార్య ఆ కార్డుని ఫొటో తీసి, యాప్‌కిచ్చి, యాభై కొట్టింది.

అక్క ఆమె భుజం మీంచి తొంగి చూసి పైకి చదివింది. "పామ నూనె, ఆరుంబావు కప్పులు."

తమ్ముడు కార్డు మీద 'పావు కప్పు' కొట్టేసి 'అరవై మిల్లీలీటర్లు' అని రాస్తుంటే, భార్య అడిగింది: "వదినా, మా ఇంట్లో దాదాపు రెండు ప్యాకెట్ల పామాయిల్ మిగిలిపోయింది. టైర్ల షాపులో దేనికైనా పనికొస్తుందంటారా?"