రెండో నంబరు

రాజు వేషానికి ముఖమల్ అంగీ కుట్టింది అమీర్ బీ. ఇరవై రోజులు కళ్లు పోయేలా కుట్టింది. దాన్ని స్టేజీ మీద ఒక్కసారి చూడాలి, అంతే ఆమె కోరిక. కళ్యాణదుర్గంలో ఆ నాటకం ఒకే ఒక్క ఆట. కుట్టినవాళ్లకు పాసులు లేవట! పాసులన్నీ సూది ముఖం చూడని పెద్దమనుషుల ఇళ్లకు పోయాయి.

టికెట్లు అయిపోయాక, ఎవరైనా వాపసు ఇస్తే వరసగా ఇస్తానని నాటక సంఘం గుమాస్తా గురప్ప పేర్లు రాసుకున్నాడు. ఆ కాగితం టికెట్ల కిటికీ పక్కన అందరికీ కనబడేలా అతికించాలని పట్టుబట్టింది అమీర్ బీయే. పైన షరతు కూడా రాయించింది: వాపసొచ్చిన సీటు వరస నంబరు ప్రకారమే, మనిషి లేకుంటే ఆటకు ముందు కొట్టే మొదటి గంట దాకా ఆగాలి, ఆ తరువాతే కింది నంబరుకు. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు.

ఆట రోజు సాయంత్రం ఒక టికెట్ వెనక్కి వచ్చింది. మొదటి నంబరు కుందుర్పి నుంచి రావాల్సిన మారెప్ప, ఇంకా రాలేదు. రెండు అమీర్ బీ. మూడు నూనె వ్యాపారి రామలింగయ్య, పక్కనే నిలబడ్డ కొత్తల్లుడి కోసం.

"ఏమప్పా గురప్పా, మారెప్ప యాడున్నాడో ఏమో. ఈమె నాటకం చూసి ఏం జేస్తాది? టికెట్ నాకియ్యి," అన్నాడు రామలింగయ్య.

"నేను ఏం జేస్తానో నీకేల శెట్టీ? కాగితంలో నీ నంబరు చూసుకో," అంది అమీర్ బీ.

గురప్ప అమీర్ బీ వైపు వంగాడు. గొంతు తగ్గించి, "గలాటా వద్దు. మారెప్ప ఇంక రాడులే. నువ్వే తీసుకో," అన్నాడు.

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి చాపబోయి ఆగింది.

"గంట కొట్నావా?"

"ఇంకా లేదు."

"అయితే అది మారెప్పదే. ఇప్పుడు వాణ్ని దాటిస్తే, రేపు నన్ను దాటించేకి శెట్టికి నోరొస్తాది. పెట్టు ఆడ్నే."

గురప్ప గంట కొట్టడానికి సుత్తి ఎత్తాడో లేదో, దుమ్ము కొట్టుకుపోయిన మారెప్ప పరుగున వచ్చాడు. "బస్సు చెడిపోయిందన్నా! నా సీటు ఉండాదా?"

అమీర్ బీకి ఆ ఇరవై రోజులూ కళ్ల ముందు తిరిగాయి. అయినా తానే టికెట్ అందుకుని అతని చేతిలో పెట్టింది.

రామలింగయ్య పకపకా నవ్వాడు. "ఇంత అరిచి ఏం సాధించినావమ్మా?"

ఆమె గురప్ప చెవిమీది పెన్సిల్ లాక్కుని, కాగితం మీద మొదటి నంబరును అడ్డంగా కొట్టేసింది.

"ఇప్పుడు మొదటిది నేను. తెర లేచే దాకా వాపసులొస్తాయి. నీది రెండో నంబరు శెట్టీ. నా ఎనక నిలబడు."

చుట్టూ జనం చూస్తున్నారు. అల్లుడూ చూస్తున్నాడు. రామలింగయ్య గొణుక్కుంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.