చైత్ర డాట్ దుర్గం

ఉదయగిరిలో మోహన్‌కృష్ణ నడిపే రక్తపరీక్షల ల్యాబులో చైత్ర మూడేళ్లుగా పని చేస్తోంది. మోహన్‌కృష్ణ నాయన పెంచలనరసయ్య. కోత అయినాక ఆయన పొలాల్లోనే చైత్ర నాయన పిచ్చయ్య గొర్రెల మంద కడతాడు. ఎరువు ఆయనకు, మేత గొర్రెలకు. ఇంత మంచి ఏర్పాటు ఇంకెక్కడుందని ఊరంతా అంటుంది. కట్టుగొయ్యకు కట్టిన తాడు పొడుగ్గా ఉంటే దాన్ని స్వేచ్ఛ అనుకునేవాళ్లు అట్లాగే అంటారు.

ఏడాదిలో చైత్ర తొమ్మిది ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టింది. ఒక్క జవాబు కూడా రాలేదు. నెల్లూరు ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్ పోస్టుకు పెట్టినది ఆఖరిది. అదీ రాకపోతే ఇంక మానేద్దామనుకుంది.

మంగళవారం ల్యాబుకు వచ్చిన భవ్యశ్రీ ఆమె బయోడేటా చూసి మొహం చిట్లించింది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నారు, భవ్యశ్రీకి నెల్లూరులో ఉద్యోగం దొరికి ఏడాదైంది.

"ఇదేందే ఈ మెయిల్? చైత్ర సురేంద్రనెట్? నువ్వు ఉద్యోగం అడగతన్నావా, వాడి అంగడికి బోర్డు కడతన్నావా?"

"నాకప్పుడు ఫోన్ లేదు. ఆత్మకూరులో నెట్ సెంటరు సురేంద్రన్నే చేసినాడు. అందరికీ అట్నే చేస్తాడు."

"పాస్‌వర్డు?"

"అన్న నోటుబుక్‌లో ఉండాది."

"నంబరు?"

"అన్నదే. ఓటీపీ తొందరగా వస్తదని. దరఖాస్తుల్లో కూడా అదే ఏసినాడు."

భవ్యశ్రీ చైత్ర ఫోను లాక్కుని, "కొత్తది చేస్తాం పట్టు. పేరు ముందర ఉండాల. అంకెలు, క్యూటీలు, స్వీటీలు వద్దు. పుట్టిన సంవత్సరం అంతకన్నా వద్దు. చూడగానే నువ్వని తెలియాల. చదివేవాడు నవ్వకూడదు" అంది.

ఉత్త పేరు కొడితే ఎవరో ముందే తీసుకున్నారని వచ్చింది. "ల్యాబు" కలుపుదామా అని చైత్ర అడిగింది.

"రేపు ల్యాబు కాక ఇంకో పని చేస్తే? నీదే ఏదన్నా పెట్టు."

చైత్రకు కొండ గుర్తొచ్చింది. ఉదయగిరి దుర్గం కింద, గొర్రెల వెనక తిరిగిన పగళ్లు. కింద నుంచి పిలిస్తే వినపడనంత ఎత్తులో ఒక్కతే కూర్చున్న రోజులు.

"చైత్ర డాట్ దుర్గం పెట్టు."

దొరికింది. భవ్యశ్రీ రికవరీ దగ్గర చైత్ర సొంత నంబరు కొట్టించింది, పాస్‌వర్డు కొట్టేటప్పుడు తను మొహం తిప్పుకుంది. "నాక్కూడా చెప్పొద్దు" అంది. "ఇంక పాత మెయిల్‌లో ఏం వచ్చి పడిందో ఒకసారి చూసుకో. ఆసుపత్రివాళ్లు అన్నీ మెయిల్‌లోనే పంపుతారు."

చైత్ర ఆ రాత్రి ఫోనులో పాత మెయిల్ తెరవబోతే పాస్‌వర్డు అడిగింది. మరిచిపోయానని నొక్కితే, చివర రెండంకెలు చూపించి, ఆ నంబరుకు కోడ్ పంపుతానంది. అది సురేంద్రబాబు నంబరు. ఆమె వెనక్కి వచ్చేసింది.

బుధవారం ల్యాబుకు సెలవు చెప్పి ఆత్మకూరు బస్సెక్కింది. అడిగితే "ఆధార్ పని" అంది. అబద్ధమాడినందుకు కాదు, అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకు భయమేసింది.

సురేంద్రబాబు నెట్ సెంటరులో పదకొండింటికే జనం కిటకిటలాడుతున్నారు. కలువాయి నుంచి ఒకరు, అనంతసాగరం నుంచి ఒకరు, కాగితాలు చేతబట్టుకుని బెంచీ మీద. అందరి మెయిళ్లూ ఆయన నోటుబుక్‌లోనే. మూడు మండలాల బతుకులు ఒకడి సొరుగులో ఉన్నాయి, తాళం కూడా లేదు.

"ఏం పాపా, ఇంతదూరం వచ్చినావు? ఫోన్ చేస్తే చెప్తాను గదా."

"నా మెయిల్ చూసుకోవాల అన్నా."

"ఏమీ రాలేదు. వస్తే చెప్పనా?"

"నేనే చూస్తాను."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. బెంచీ మీద జనం ఇటు చూశారు. వాళ్లు చూస్తున్నారు కాబట్టే కాబోలు, కుర్చీ ఆమె వైపు తిప్పి తెరిచాడు.

ఆసుపత్రి నుంచి మెయిల్ ఉంది. పదకొండు రోజుల కిందటిది. కొత్తగా వచ్చిన మెయిల్ అక్షరాలు లావుగా కనపడతాయి. ఇవి సన్నగా ఉన్నాయి, అంటే ఎవరో చదివేశారు. "గురువారం ఉదయం పది గంటలకు ఇంటర్వ్యూ. వస్తారో రారో జవాబు రాయండి." పక్కనున్న తేదీ చూస్తే ఆ గురువారం రేపే.

ఆమె పంపిన మెయిళ్ల పెట్టె నొక్కింది. ఆయన "అదెందుకు" అనేలోపు తెరుచుకుంది.

అందులో ఆమె పేరుతో జవాబు ఉంది. కుటుంబ కారణాల వల్ల రాలేను, దయచేసి నా పేరు తీసివేయగలరు. చైత్ర.

కింద ఇంకో రెండు ఉన్నాయి, ఇంకో రెండు ఆసుపత్రులకు. అవే మాటలు.

"ఎవరు రాసినారు అన్నా?"

"నేనే. మోహన్‌కృష్ణ రాయమన్నాడు." గొంతు తగ్గించలేదు, దాచలేదు. "మీ నాయనకు కూడా అదే మంచిదన్నాడు. ఆడపిల్లవి, నెల్లూరులో ఒక్కదానివి ఏం చేస్తావు? ఉన్న ఊళ్లో ఉద్యోగం ఉండాది గదా."

"నా పేరు పెట్టి రాసినారు."

"మెయిల్ నేను చేసిందే గదా పాపా."

అంతే ఆయన న్యాయం. చేసింది నేను కాబట్టి నీ పేరు నాది. ఈ ఊళ్లలో పొలం గురించి, బావి గురించి విన్న మాటే.

చైత్ర ఫోను తీసి తెరకు రెండు ఫోటోలు తీసుకుంది. ఆసుపత్రి చిరునామా చూసి, అక్కడే నిలబడి కొత్త మెయిల్ నుంచి జవాబు కొట్టసాగింది. వెనక సురేంద్రబాబు లేచి నిలబడ్డాడు.

"దుర్గం" అని మెల్లిగా చదివాడు. "మంచి పేరు. గుర్తుంటది."

ఆమె బయటికి వచ్చేసింది. బస్టాండులో గోడకు ఆనుకుని మిగతాది రాసింది: ఆ జవాబు నాది కాదు, ఫోటోలు పెడుతున్నాను, ఇది నా సొంత మెయిల్, ఇది నా సొంత నంబరు, నేను వస్తాను. మూడుసార్లు చదివి పంపింది.

గంటకు జవాబు వచ్చింది. రేణుకాదేవి అనే ఆవిడ రాసింది. మీ ఇంటర్వ్యూ సమయం వేరేవాళ్లకు ఇచ్చేశాము. అయినా తొమ్మిదికల్లా రండి, జాబితాలో ఉన్నవాళ్లు అయ్యాక చూస్తాము. మాట ఇవ్వలేము.

అప్పుడే నాయన ఫోను చేశాడు. "ఎక్కడుండావు? పెంచలనరసయ్య మనిషిని పంపినాడు. సాయంత్రంలోపు మందను లేపమన్నాడు. ఏం చేసినావు నువ్వు?"

"ఉద్యోగానికి పోతన్నాను నాయనా."

నాయన వెనక గొర్రెల అరుపులు వినపడుతున్నాయి.

"నీ కొత్త మెయిల్ పాస్‌వర్డు ఏందని కూడా అడిగినారు" అన్నాడు. "నాకేం తెలుసు? తెలిసినా చెప్పేవాణ్ణి కాదులే. నువ్వు పో. మందను కొండకు తోలతాను. మేత లేదు, అయినా తోలతాను."

ఉదయగిరి బస్సు వచ్చింది, ఎక్కలేదు. నెల్లూరు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటేలోపు ఫోను అదిరింది. చైత్ర డాట్ దుర్గం ఖాతా పాస్‌వర్డు మార్చాలని ఎవరో ప్రయత్నిస్తున్నారు, అది మీరేనా అని అడుగుతోంది.

నేను కాదు అని నొక్కింది.

రెండు నిమిషాలకు మళ్లీ అదిరింది. మళ్లీ నొక్కింది. కండక్టరు టిక్కెట్టు అడిగితే తల ఎత్తకుండానే ఊరు చెప్పింది. బొటనవేలు తెర మీదే ఉంది. నిద్ర వస్తే పొరపాటున అవును అని నొక్కుతానేమోనని ఆమె నెల్లూరు దాకా కళ్లు మూయలేదు.