గొడుగులో చిల్లు

కండక్టరు చొక్కాకి ఖాకీ పోసి, రంగులక్క మౌసుని బస్సు టైరు మీదికి లాగింది. ఒక నొక్కు. టైరు నల్లబడింది. ఇంకో నొక్కు. తలుపు పసుపెక్కింది. నీడలూ మెరుపులూ వేసేది ఆమె కాదు. గీతల మధ్య ఖాళీలో అంచు దాటకుండా చదునుగా అడుగు రంగు నింపడం వరకే ఆమె పని. సరిగ్గా చేస్తే ఎవరికీ కనిపించని పని అది. ఎక్కడైనా ఒక చెవికి రంగు పడకపోతే మాత్రం వేలమంది పాఠకులు వేలెత్తి చూపిస్తారు.

కుడి మణికట్టుకి సాగే పట్టీ. మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. కూర్చుని కూర్చుని ఒక పక్కకి ఒరిగిపోయిన కుర్చీ, దాంతోపాటే కాస్త ఒరిగిన నడుము. టైర్ల దుకాణం పైన ఉన్న ఆ రెండు గదుల్లోంచే 'ఆఖరి బస్సు' అనే వెబ్‌కామిక్ వారానికోసారి సాయంత్రం పూట జనం ఫోన్లలోకి బయల్దేరుతుంది. గీసేది బొమ్మలాయన. మాటలు అమర్చేది అక్షరాలమ్మాయి. రంగులు నింపేది ఈమె. పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఆఫీసులో లేరు. అందరికీ రంగులక్కే.

"అక్కా, గొడుగు పిల్ల మారింది." బొమ్మలాయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. "కొత్త షీట్ పంపాను. ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దాని ప్రకారం వేసెయ్యండి."

ఆమె ఫైలు తెరిచింది.

షీట్ అంటే ఆ ఆఫీసులో చట్టం. కామిక్‌లో ప్రతి పాత్రకీ ఒకటి ఉంటుంది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మనిషి ఎలా ఉంటుందో, బస్సు తలుపు పక్కన నిలబడితే ఎంత ఎత్తో, నవ్వితే ముఖం ఎలా, కోపమొస్తే ఎలా, ఏ గుడ్డకి ఏ రంగో, అన్నీ అందులోనే. ఎవరు గీసినా ఆ షీట్ చూసే గీయాలి. ఇప్పుడు తెరిచిన షీట్‌లో అమ్మాయికి జుట్టు పొడుగైంది. ఎర్ర గొడుగు నీలమైంది. గొడుగు మీద ఉండాల్సిన నల్ల చందమామ లేదు. భుజం మీది పసుపు మచ్చా లేదు.

"ఎందుకు మార్చారు?" గొంతు మామూలుగా ఉంచడానికి ఆమె కళ్ళజోడు తుడుచుకుంది.

"ఆ పిల్ల మనది కాదు కదక్కా. ఎవరో పాఠకుడు వేసింది. ఎవరో తెలిస్తే అడిగి, పేరు వేసి వాడుకుంటాం. దాన్ని నెట్‌లో శుభ్రంగా తిరగ్గీసి పెట్టిన కుర్రాణ్ణి అడిగా. 'నేను ఊరికే ఫెయిర్ చేశాను సార్, అసలు మనిషెవరో తెలీదు' అన్నాడు. నిజాయితీపరుడు. అడగకుండా తీసుకుంటే దొంగతనం. అందుకని పోలిక తెలియకుండా మార్చేశా."

"పోలిక తెలియకపోతే ఇక ఆ పిల్లెందుకు సార్?" అంది అక్షరాలమ్మాయి పక్క గదిలోంచి. "గొడుగున్న ఎవరో పిల్ల."

అసలు మనిషెవరో రంగులక్కకి తెలుసు. అతను రెండు వీధుల అవతల, వెనక గదిలో, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని పడుకునున్నాడు. ఆమె తమ్ముడు. ఊపిరితిత్తులు ఇక పనిచేయవు, ఇంటికి తీసుకెళ్ళండని డాక్టరు చెప్పేశాడు.

ఆమె ఇక్కడ చేరిన కొత్తలో సంగతి. బస్సులో కిటికీ పక్క సీటొకటి ప్రతి ఎపిసోడ్‌లోనూ ఖాళీగా ఉండేది. పార్సిల్ ఆఫీసు గుమాస్తా తమ్ముడు ఆ సీటు కోసం ఒక అమ్మాయిని తయారుచేశాడు. మందపాటి కాగితం మీద పూర్తి షీట్ గీసి, చివర్న ఆఫీసు పంచింగ్ మిషన్‌తో గొడుగులో నిజంగానే చిల్లు కొట్టాడు. పాఠకుల బొమ్మల పోటీకి ఆమే స్కాన్ చేసింది. పనిచేసేవాళ్ళ బంధువులు పోటీలో ఉండకూడదన్న రూలు అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగం కొత్త, భయం పాతది. స్కాన్ చేసిన బొమ్మ అడుగున అతని పేరున్న పట్టీని మౌసుతో ఒక్క గీత లాగి తెగ్గోసి, 'ఒక పాఠకుడు' అని రాసి పెట్టేసింది. బహుమతి రాలేదు. బొమ్మ మాత్రం జనానికి పట్టేసింది. ఎవరెవరో గీశారు, గుడ్డబొమ్మలు చేశారు, టీషర్టుల మీద వేసుకున్నారు. అన్నిటి కిందా ఒకటే మాట: మూల చిత్రకారుడు తెలియదు.

"సార్," అంది రంగులక్క. "అది గీసింది మా తమ్ముడు. పేరు కోసేసింది నేను."

అక్షరాలమ్మాయి కీబోర్డు చప్పుడు ఆగింది.

బొమ్మలాయన టీ గ్లాసు కిందపెట్టాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. కోప్పడలేదు. "అసలు కాగితం ఉందా?"

"వాడి దగ్గరే ఉంది. పట్టీతో సహా."

"పట్టుకురండి. ఆయన సరే అంటేనే పాత పిల్ల ఎక్కుతుంది. సాయంత్రం అప్‌లోడ్ ఆగదు, తెలుసుగా."

తమ్ముడింట్లో మరదలు తలుపు తీసి, "ఈ వేళప్పుడొచ్చావేం వదినా?" అంది. ఆమె తిన్నగా లోపలికి నడిచింది.

తమ్ముడు దిళ్ళకి జారగిలబడి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయి, ముక్కు ఒక్కటే మిగిలింది మొహంలో.

"ఏరా, ఎలా ఉంది?"

"గాలి కొనుక్కుని పీలుస్తున్నా. గొప్పోణ్ణయిపోయా."

"గొడుగు పిల్లని బస్సెక్కిస్తున్నార్రా."

"తెలుసు. పోయిన వారం ఆఖరి బొమ్మలో గొడుగు కొన చూశా. అది మా పిల్లేనని మీ మరదలితో పందెం కూడా వేశా."

"నీ పేరు..." ఆమె మంచం పట్టె పట్టుకుంది. "ఆ పట్టీ నేనే కోసేశాన్రా అప్పుడు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నువ్వు పెట్టిన రోజు నుంచీ. ఎలకలు అంత నీటుగా కొరకవు కదా."

నవ్వబోతే దగ్గొచ్చింది. మరదలు వీపు నిమిరింది. దగ్గు ఆగేదాకా ముగ్గురూ ఆక్సిజన్ మిషన్ చప్పుడు విన్నారు.

"మరి అడగలేదేం?"

"పార్సిళ్ళకి చీటీలంటించేవాడు తమ్ముడని చెప్పుకోడానికి నామోషీయేమో అనుకున్నా." అతను గొట్టం సర్దుకున్నాడు. "తర్వాత అడగడానికి నాకే నామోషీ వేసింది."

"ఛ, ఉద్యోగం పోతుందని భయపడ్డాన్రా. అంతే."

"ఆ మాట అప్పుడే చెప్పాల్సింది."

"మళ్ళీ ఇంకోటి గీయలేదేరా నువ్వు?"

"గీస్తే నీకు చూపించాలిగా అక్కా."

మరదలు బీరువా పైనుంచి అట్ట గొట్టం దించి, దుమ్ము తుడిచి, షీట్ పరిచింది. ఎరుపు ఇంకా ఎరుపే. అడుగున పట్టీ మీద అతని పేరు, తారీఖు, కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: 'ఇది మచ్చ కాదు, చిల్లు. వెనకేముంటే అదే కనపడాలి. ఎండయితే ఎడమ భుజం మీద వెలుగు, వానయితే ఎడమ భుజం తడి.'

ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. పేరుతోపాటు దీన్నీ కోసేసింది. స్కానర్ మూత లోపలి వైపు నలుపు. చిల్లులోంచి ఆ నలుపు పడింది. జనం దాన్ని చందమామ అనుకున్నారు.

"పేరు సంగతి అలా ఉంచు," అన్నాడు తమ్ముడు. "చందమామేంటక్కా. దాని మీద పాటలు కూడా కట్టారు. పిల్ల గొడుగు బాగుచేయించుకోలేక తిరుగుతుంటే, డిజైన్ బాగుందంటారు."

రంగులక్క బొమ్మలాయనకి ఫోన్ కలిపింది. అతను అడిగింది రెండే. వాడుకోవచ్చా? పేరెలా వేయమంటారు? తమ్ముడు ఇంటిపేరుతో సహా చెప్పాడు, ఒక్కో అక్షరానికీ ఊపిరి తీసుకుంటూ. "చిల్లుని చిల్లులా వేయండి సార్," అని ఫోన్ ఇచ్చేశాడు.

"సాయంత్రం తెచ్చి చూపిస్తా," అంది ఆమె, షీట్ చుట్టి గొట్టంలో పెడుతూ.

"ఆ పంచింగ్‌లో పడ్డ ముక్క ఎక్కడో దాచాను. దొరికితే ఇస్తాలే."

మధ్యాహ్నమంతా ఆమె తల ఎత్తలేదు. బొమ్మలాయన కాగితాన్ని పక్కన నిలబెట్టుకుని అమ్మాయి గీతల్ని మళ్ళీ వేసిచ్చాడు. జుట్టు మళ్ళీ పొట్టిదైంది. ఆమె ఎరుపుని షీట్ మీది రంగు గడితో పోల్చుకుని సరిచేసింది. గొడుగు రంగున్న పొరలో గుండ్రంగా చెరిపేసింది. కింది పొర బయటపడింది. మొదటి బొమ్మలో చిల్లులోంచి ఆకాశం. తర్వాతి దాంట్లో బస్సు టాపు తుప్పు. వానబొమ్మలో వీధి దీపం. ఏ బొమ్మకి ఆ బొమ్మ చిల్లు రంగు వేరు. చందమామ ఉన్నప్పుడు అమ్మాయి గొడుగు పట్టుకున్నట్టుండేది. ఇప్పుడు గొడుగు కింద ఉన్నట్టుంది.

మాటలకి చోటు చాలక అక్షరాలమ్మాయి రెండు బొమ్మల్ని అద్దంలోలా తిప్పింది. అలా తిప్పినప్పుడల్లా ఎడమ కుడవుతుంది. భుజం మీది వెలుగు కూడా అటు మారిపోయింది. రంగులక్క వాటిని మళ్ళీ చెరిపి, ఎడమ భుజానికి తెచ్చింది.

"ఎవరు చూస్తారక్కా అంత?"

"చూసేవాడొకడున్నాడు."

"అయితే ఒక బొమ్మ ఫోటో తీసి పంపేయొచ్చుగా ఇప్పుడే."

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెర మీద తడి భుజం ఇంకా ఒట్టి బూడిదరంగులో ఉంది. పేరు ఇంకా పడలేదు. పూర్తికాని బొమ్మ గుమ్మం దాటకూడదు. ఆ ఆఫీసులో అందరికంటే గట్టిగా ఆ రూలు పాటించేది ఆమే. "అంతా అయ్యాక, పేరుతో చూపిస్తా," అని ఫోన్ బోర్లించింది.

ఆఖరి బొమ్మ కింద అక్షరాలమ్మాయి పట్టీ వేసింది. 'గొడుగు పిల్ల: మూల రూపకల్పన', పక్కన అతని పేరు. కామిక్ పేజీ వివరాల్లోనూ అదే. పాఠకుల పేజీలో 'తెలియదు' అన్న చోట బొమ్మలాయన స్వయంగా దిద్దాడు. ఎపిసోడ్ వెళ్ళిపోయింది. రంగులక్క ఫోన్ తిరగేసింది. మరదలు అప్పటికే రెండుసార్లు చేసింది.

ఆమె తిరిగి చేయలేదు. గొట్టం చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. రెండు వీధులూ నడిచింది, పరిగెత్తలేదు. పరిగెత్తితే నిజమైపోతుందనిపించింది.

వెనక గదిలో మిషన్ చప్పుడు లేదు.

"నిద్రలోనే వదినా," అంది మరదలు. "టీ పెట్టి వచ్చేసరికి. నువ్వెళ్ళాక కాసేపు ఏదో వెతికించారు. దొరికాక పడుకున్నారు."

ఆమె మంచం అంచున కూర్చుంది. చేతిలో ఫోన్లో పాఠకుల మాటలు వచ్చిపడుతూనే ఉన్నాయి. చందమామ కాదట, చిల్లట అని ఎవరో రాశారు. ఇన్నాళ్ళూ తప్పు గీశామే అని ఇంకెవరో. అతని పేరుని తప్పుల్లేకుండా రాసి, ఈయన ఇంకేం గీశారు అని ఒకరు అడిగారు. ఆమె తెరని అతని వైపు తిప్పి పట్టుకుంది. చెయ్యి లాగేదాకా అలాగే ఉంచి, తర్వాత ఆపేసింది.

మరదలు దిండు పక్కనున్న కళ్ళజోడు డబ్బా అందించింది. లోపల కళ్ళజోడు లేదు. మడతపెట్టిన తుడిచే గుడ్డ మీద, పంచింగ్ మిషన్ కోసిన కాగితం చుక్క ఒకటి, అంచు చెదరకుండా, గొడుగంత ఎర్రగా ఉంది.