ఎలిజబెత్ టీచరు కొట్టేయని సన్మానపత్రం

గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, ఆ రోజుల్లో నరసరావుపేట చుట్టుపక్కల ఎవరికి సన్మానం జరిగినా పత్రం మా ప్రెస్సులోనే అచ్చయ్యేది. అక్షరాలు పేర్చేది నేను. పేరు మరియదాసు, ఊరు నకరికల్లు పక్కనున్న పల్లె.

1964 ఆగస్టు నెలాఖరుకు మా ప్రెస్సులో ఊపిరి సలపని పని. అంతకు రెండేళ్ళ ముందే సెప్టెంబరు అయిదున ఉపాధ్యాయ దినోత్సవం మొదలైంది. ఇక ప్రతి ఊరికీ ఒక మాస్టరు కావాలి, ఒక పూలదండ కావాలి, ఒక శాలువా కావాలి, అద్దం బిగించిన ఒక సన్మానపత్రం కావాలి. ఆ ఏడు పదకొండు పత్రాలు ఒప్పుకున్నాం. పదకొండు కొత్తగా పేర్చామనుకునేరు. ఒకటే. ఒకసారి పేర్చిన అక్షరాలను విప్పకుండా దారంతో కట్టి రేకు పళ్ళెంలో దాచేవాళ్ళం. పేరు, ఊరు, తేదీ మార్చి అదే మళ్ళీ అచ్చువేసేవాళ్ళం. మాచవరం మాస్టరూ విద్యాదానదీక్షాపరుడే, ఎడ్లపాడు మాస్టరూ విద్యాదానదీక్షాపరుడే. ఎవరూ పోల్చి చూసుకోరు కదా అని మా ధీమా.

పదకొండో పత్రం మాత్రం నా సొంత వ్యవహారం. మా పల్లె మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, ఆ ఏప్రిల్‌లోనే రిటైరైన ఎలిజబెత్ టీచరుకు పాత విద్యార్థులమంతా కలిసి నకరికల్లు సభలో సన్మానం చేద్దామనుకున్నాం. పత్రం బాధ్యత నా నెత్తిన పడింది. నేనేం చేశాను? ఆవిడ పేరు పెట్టి అదే పాత మేటరు దించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అలవాటు అలా తగలడింది. ఆదివారం ప్రూఫు చుట్టి, సైకిలెక్కి, చర్చి విడిచాక ఆవిడ ఇంటి ముందు దిగాను.

టీచరమ్మ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ప్రూఫు చూడగానే చెవి మీద నుంచి ఎర్ర పెన్సిలు తీసింది. రిటైరైనా పెన్సిలు చెవి దిగలేదు.

"గీర్వాణాంధ్ర పండితులు," అని పైకి చదివింది. "నాకు సంస్కృతం ఒక్క ముక్క రాదు. ఎవర్రా ఈయన?"

"అది మామూలుగా వేసేదేనండీ."

ఎర్ర గీత పడింది.

"బ్రహ్మతేజోవిరాజితులు. ఒరేయ్, పాస్టరుగారు వింటే చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నాకు రొట్టె పెట్టడు." ఇంకో గీత. "పురుషోత్తములు." ఈసారి పెన్సిలు దించి కళ్ళజోడు మీద నుంచి నన్ను చూసింది. నేను నేలచూపులు చూశాను.

అలా కొట్టేసుకుంటూ పోతే చివరికి ఆవిడ పేరూ తేదీ మిగిలాయి.

"ఈ రెండూ నిజం. ఇవి అచ్చేసుకో పో."

"టీచరమ్మా, సభ శనివారం. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు కూడా వస్తున్నారు."

"రానీ. నేను రాను." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "ముప్పయ్యేళ్ళు చెప్పానురా. నా దగ్గర చదివిన పిల్లలు సగం మంది పొగాకు కోతలకే పోయారు. ఏప్రిల్‌లో బీరువా తాళాలు ఇచ్చేసి వచ్చాను కదా, అప్పటి నుంచి ఒకటే ఆలోచన. నేను చెప్పిన చదువు ఎవడికన్నా అక్కరకొచ్చిందా లేదా అని. ఆ సంగతి ఎవడూ చెప్పడు. ఈ బిరుదులు నాకేం చెబుతాయి? నేను నీకేం చేశానో నీకు గుర్తుంటే అది రాయి. దాంతో నీకేం ఒరిగిందో రాయి. గుర్తు లేకపోతే ఊరుకో, తప్పులేదు. అబద్ధాలు వినడానికి మాత్రం కుర్చీలో కూర్చోను."

తిరిగి వస్తూ దారి పొడుగునా ఆవిణ్ణి తిట్టుకున్నాను. సత్తెనపల్లి రోడ్డు మలుపు దాటేసరికి నన్ను నేను తిట్టుకున్నాను. గుర్తు లేకపోవడం ఏమిటి? ఆ ముక్క తప్ప నాకు బతుకులో ఇంకేం గుర్తుంది?

సోమవారం పొద్దున్నే స్టిక్కు పట్టుకున్నాను. అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే ఇనప పట్టీ అది. కాగితం మీద ముందుగా ఏమీ రాసుకోలేదు. గళ్ళలోంచి సీసపు అక్షరాలు ఏరుకుంటూ, మనసులో ఉన్నది నేరుగా పేర్చుకుంటూ పోయాను. పదకొండు గంటలకు ప్రూఫు తీసి మా ప్రెస్సు యజమాని వెంకటసుబ్బయ్య శెట్టిగారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి మొహం చిట్లించాడు. "ఇదేందిరా, ఉత్తరం ముక్కలాగుంది. ఒక్క సమాసం లేదు. కింద మన ప్రెస్సు పేరుంటది. సభలో జనం నవ్వితే నా పరువేం కాను? పాతదే వెయ్."

"ఆవిడ రానంటది శెట్టిగారూ."

"రాకపోతే మానె. పత్రం ఇంటికి పంపండి."

నాకు తిక్క రేగింది. స్టిక్కు బల్ల మీద పెట్టి, సిరా అంటకుండా నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, "అయితే మిగతా పదీ మీరే పేర్చుకోండి," అన్నాను. అంత పని నెత్తిన ఉన్నప్పుడు అనాల్సిన మాట కాదు. అన్నాను.

శెట్టిగారు ప్రూఫు మళ్ళీ తీసి మొదటి నుంచి చదివాడు. ఈసారి పెదవులు కదిలాయి.

"ఈ అద్దం సంగతి నిజమేనా?"

"నిజం."

"నువ్వు పనిలోకొచ్చిన రోజు తిరగబడ్డ అక్షరాలు గడగడా చదివావు. మిగతావోళ్ళకి నెలలు పట్టింది. నేనప్పుడు చానా ఆశ్చర్యపోయా. అందుకేనా?"

"అందుకే."

ఆయన లేచి బీరువా తీసి, పెళ్ళి శుభలేఖల కోసం దాచుకున్న మందపాటి కాగితం ఒకటి ఇచ్చాడు. "కట్టుకో గుడ్డ," అన్నాడు.

టీచరమ్మకు కబురు మాత్రం ఒకటే పంపాను: 'కొట్టేయడానికి పెన్సిలు తెచ్చుకోండి.' వస్తుందో రాదో తెలియదు. శనివారం వచ్చింది. నీలంచు తెల్లచీర, చెవి మీద ఎర్ర పెన్సిలు. బడి పిల్లలు ఉపాధ్యాయ నిధి కోసం అమ్ముతున్న కాగితపు జెండా ఒకటి కొని భుజాన గుచ్చుకుంది. వేదిక మీద కుర్చీ అంచున, ఏ క్షణమైనా లేచిపోయేలా కూర్చుంది.

పత్రం చదివేది హైస్కూలు తెలుగు మాస్టరు గోపాలరావుగారు. కంచుగంటలాంటి గొంతు. సమాసాల కోసం గొంతు సవరించుకుని కాగితం విప్పారు, రెండో వరుసకే తడబడ్డారు. మూడో వరుస నుంచి ఆ గొంతు మామూలు మనిషి గొంతైంది.

"ఎలిజబెత్ టీచరుగారికి. నేను ఎడమచేతి వాటం పిల్లవాణ్ణి. అక్షరాలన్నీ తిరగేసి రాసేవాణ్ణి. మీకు ముందున్న పంతులు నా ఎడమచెయ్యి తువ్వాలుతో వెనక్కి కట్టేవాడు. మా నాన్న కూడా అది పాడు చెయ్యి అనేవాడు. మీరు వచ్చిన రెండో రోజున నా పలక చూసి, కొట్టకుండా, మీ పెట్టెలోంచి తల దువ్వుకునే అద్దం తెచ్చి పలక ఎదురుగా పట్టారు. అద్దంలో నా అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. 'వీడు తప్పు రాయలేదు, అవతలి పక్క నుంచి రాశాడు' అని పిల్లలందరికీ చూపించారు. ఆ రోజు వరకు నేను మొద్దునని నేనే నమ్మాను. ముప్పై రోజుల పాటు, బడి విడిచాక, అద్దం పట్టుకుని కూర్చుని నాకు ఇవతలి పక్క నేర్పారు. చెయ్యి మాత్రం కట్టలేదు. నేనిప్పుడు అచ్చాఫీసులో పని చేస్తున్నాను. అక్కడ అక్షరాలన్నీ తిరగబడే ఉంటాయి. ఈ కాగితంలో ప్రతి అక్షరాన్నీ నేను అలాగే చూసి పేర్చాను. పల్నాడులో ఎవరింట పెళ్ళయినా, ఎవరికి సన్మానమైనా ఆ మాటలు నా చేతి మీదుగా పోతున్నాయి. మీ చదువు నాకు ఇలా అక్కరకొచ్చింది. ఇట్లు, తమ శిష్యబృందం."

నవ్విన వాడు లేడు. ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు చీదారు. జనంలో మా నాన్న ఇన్నయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

టీచరమ్మ చెయ్యి చాపి పత్రం అడిగి తీసుకుంది. అద్దం బిగించేవాడు ఇంకా బిగించలేదు, కాగితంగానే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, చెవి మీద పెన్సిలు తీసింది. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వారించబోయి ఆగిపోయారు. పెన్సిలు ఒక్కో వరుస కింద జరుగుతోంది, ఎక్కడా గీయడం లేదు. ఒక చోట ఆగింది.

"ముప్పై కాదు, నలభై," అంది మైకు దగ్గరే. "నడుమ పది రోజులు నువ్వు బడి ఎగ్గొట్టావు. అద్దం చీరకొంగున కట్టుకుని మీ ఇంటికొచ్చి చెప్పా."

అది నాకు గుర్తే లేదు. ముప్పై కొట్టి నలభై వేసింది. తర్వాత చివరి వరుస మీద పెద్ద గీత గీసింది.

"బృందం ఎవర్రా? అద్దం పట్టింది బృందానికా, నీకా? ఇటు రా. సంతకం పెట్టు."

వేదిక ఎక్కాను. అంతమంది ముందు కదా, అలవాటుగా కుడిచేత్తో పెన్సిలు అందుకున్నాను. జీతం పుస్తకంలోనూ అలాగే పెట్టేవాణ్ణి.

"ఆ చెయ్యి కాదు," అంది.

పెన్సిలు చేయి మార్చుకున్నాను. మా నాన్న చూస్తుండగా, డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు చూస్తుండగా, ఊరు ఊరంతా చూస్తుండగా ఎడమచేత్తో మరియదాసు అని నిదానంగా రాశాను. ఆవిడ దాని పక్కన పలకల మీద పెట్టినట్టే ఒక రైటు గుర్తు పెట్టి, కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చుంది. ఆ వేదిక మీద నిమ్మళంగా కూర్చోవడం అదే మొదలు.

"సరిపోయింది. ఇక దండ వెయ్యండి," అంది. చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను, నాకు కళ్ళు కనిపించలేదు.

ఎర్ర దిద్దుబాట్లు లేకుండా మళ్ళీ అచ్చువేసి ఇస్తానని శెట్టిగారు కబురు చేస్తే ఆవిడ ఒప్పుకోలేదు. అలాగే అద్దం బిగించి గోడకు తగిలించుకుంది.

సోమవారం ప్రెస్సుకు వెళ్ళగానే ఆ పాత మేటరు దారం విప్పాను. విద్యాదానదీక్షాపరులను, పురుషోత్తములను ఒక్కొక్క అక్షరంగా ఊడదీసి ఎవరి గడిలో వాళ్ళను వేశాను, ఎడమచేత్తోనే. ఆ మధ్యాహ్నమే మాచర్ల నుంచి ఇద్దరు మనుషులు వచ్చి, తమ మాస్టరుకు ఆలస్యంగానైనా సన్మానం చేస్తామని, మంచి పత్రం ఒకటి కావాలని అడిగారు.

స్టిక్కు చేతిలోకి తీసుకుని, వాళ్ళకు బెంచీ చూపించాను. "కూర్చోండి. ఆయన మీకేం చేశాడో చెప్పండి, పేరుస్తాను," అన్నాను.