చేతుల మాటలకు మైకు

మాణిక్ దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, తన ఊరు చిరాగ్‌పల్లిలో రెండు రోజులు ఉండి, మూడోనాడు జహీరాబాద్ వచ్చి బస్వమ్మ చేతిలో పొట్లం పెట్టాడు. అందులో ఒక కొత్త ఫోను, ఖర్జూరాల డబ్బా, ఒక కవరు ఉన్నాయి. దుబాయిలో ఉన్న కొడుకు సృజన్ పంపిన ఫోనును చూసి సంతోషించిన బస్వమ్మ, కవరును చూసి కొంచెం తగ్గింది.

"ఫోన్ పంపినంక చిట్టీ ఎందుకు మల్ల?"

"చిట్టీ నీకు కాదు చిన్నమ్మా. కాకకు," అన్నాడు మాణిక్.

కాక అంటే బస్వమ్మ భర్త ప్రకాశం. చక్కెర ఫ్యాక్టరీ మిల్లు హౌసులో పాతికేళ్లు పనిచేశాడు. చెరుకు నలిపే రోలర్ల రొదలో చెవులు రెండూ పోయాయి. మాట మాత్రం ఉంది, అది కూడా తన గొంతు తనకు వినపడని మనిషి మాట, వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ రొదలో పనివాళ్లు చేతులతోనే మాట్లాడుకునేవారు. పిడికిళ్లు అడ్డంగా పెడితే మిల్లు ఆపమని, అరచేయి తోస్తే చెరుకు వదలమని. ఆ సైగలకే ఇంట్లో ఇంకొన్ని కలిపి ప్రకాశం కొడుకుతో మాట్లాడేవాడు. సృజన్‌కు నోటితో ఎన్ని మాటలు వచ్చో చేతులతో అన్ని వచ్చు. బస్వమ్మకు సగమే వచ్చు.

కొడుకు దుబాయి పోయాక ఆ మాటలు ఆగిపోయాయి. బస్వమ్మ బటన్ ఫోన్‌లో సృజన్ మాట్లాడతాడు, ఆమె వింటుంది, విన్నది ప్రకాశానికి సైగ చేస్తుంది. ప్రకాశం అన్నది కొడుక్కు చెబుతుంది. మధ్యలో తనకు నచ్చనిది కొంచెం తగ్గిస్తుంది, నచ్చింది కొంచెం పెంచుతుంది. కూరలో ఉప్పులాగే అది ఆమె చేతి అలవాటు.

ప్రకాశం కళ్లజోడు పెట్టుకుని కవరులోని ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. చదవడమంటే ఆయనకు పైకి చదవడమే.

"నాయినకు సృజన్ వందనాలు. నేను మంచిగ ఉన్న. ఈ ఫోన్‌లో ఒక ఆప్ వేసి పంపుతున్న. అందులో వీడియో కాల్ చేస్తే నేను నీకు కనపడత, నువ్వు నాకు కనపడతవు. ఇండియాలో అందరు వాట్సాప్‌లో చేస్తరు గాని ఇక్కడ దాంట్ల కాల్ పోదు, రాసింది మాత్రమే పోతది. ఇక్కడ గవర్నమెంటు ఒప్పుకున్న ఆప్‌లు వేరే ఉన్నయి, అందుకే ఇది. ఇద్దరి దగ్గర ఇదే ఉండాలె. మాణిక్ అన్న సిమ్ము వేసి నీ నంబరు ఎక్కిస్తడు, మెసేజ్‌లో ఒక కోడ్ వస్తది, అది కొడితే అయిపోతది.

"ఫోన్ చెవి కాడ పెట్టకు. దేనికన్న ఆనించి నిలబెట్టు, అప్పుడు నీ రెండు చేతులు ఖాళీగ ఉంటయి. కిటికీ నీ ఎనుక ఉండొద్దు, ముందు ఉండాలె. ఎనుక ఉంటే నువ్వు నల్లగ కనపడతవు, నీ చేతులు నాకు తెల్వవు. మూలకు చిన్న డబ్బాలో నువ్వే కనపడతవు. ఆయనతోని మాట్లాడకు, పెద్దగ కనపడేటోన్ని నేను. బొమ్మ కదలకుండ ఆగిపోతే నెట్టు తక్కువైనట్టు, నాకు కోపం వచ్చినట్టు కాదు. కింద గుర్తులు ఉంటయి, బొమ్మలు గీసిన. మైకు మీద గీత ఉంటే మీ మాట నాకు రాదు. కెమెరా మీద గీత ఉంటే మీరు నాకు కనపడరు. రెండు బాణాలు తిరుగుతున్నట్టు ఉన్నది నొక్కితే అవతలి దిక్కు కెమెరా పనిచేస్తది, అప్పుడు నీ మొఖం కాదు, నీ ముందట ఉన్నది నేను చూస్త.

"నాయినా, అన్నీ అమ్మ నోటి మీద నుంచే పోతున్నయి. నీతోని మాట్లాడక రెండేండ్లు అయితున్నది. ఆదివారం నాకు సెలవు. మీకు సాయంత్రం నాలుగు అయితే నాకు రెండున్నర. ఆ టైముకు కాల్ చేస్త. ఫోన్ అంగీ జేబుల పెట్టుకో, మోగుడు వినపడకున్న వణుకుడు తెలుస్తది."

ప్రకాశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బస్వమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆదివారం నాలుగు గంటలకే కోహీర్ నుంచి రాజేశ్వర్ వస్తున్నాడు, సృజన్‌తో తన కూతురు గ్లోరీ సంబంధం ఖాయం చేసి ప్రధానం తేదీ పెట్టుకోవడానికి. పెళ్లి కాగానే సృజన్ పిల్లను దుబాయి తీసుకుపోతాడని ఆయనకు చెప్పింది బస్వమ్మే. సృజన్ మాత్రం ఫోన్‌లో స్పష్టంగానే చెప్పాడు: "అమ్మా, నా జీతానికి పెండ్లాన్ని తెచ్చుకునే వీసా రాదు. క్యాంపుల ఒక్క గదిల ఎనిమిది మందిమి ఉన్నం. ఇంకా రెండేండ్లు కంపెనీకి అగ్రిమెంటు కట్టి ఉన్న. ఈ సంగతి వాళ్లకు చెప్పు." చెబుతానన్నది. చెప్పలేదు. అప్పటికే రెండు సంబంధాలు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. పెళ్లయ్యాక అన్నీ అవే సర్దుకుంటాయని అనుకుంది. భర్తకు కూడా తీసుకుపోతాడనే సైగ చేసింది.

"ఆదివారం వాళ్లు పోయినంక కొడుకుతోని మాట్లాడుదమంటివి కదా," అని చేతులతో అడిగింది, ఆయన ఎప్పుడూ అనని మాటను.

"ఎందుకు? అందరు కనపడతరని రాసిండు. రాజేశ్వర్ బావకు చెప్పి పిల్లను గూడ తోల్కరమ్మంట. ఫోటోల చూసుడేంది, మొఖం మొఖం చూసుకోనియ్," అన్నాడు ప్రకాశం. ఆ మాట పక్కింటి వాళ్లకు కూడా తెలిసింది.

ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది, ఆ రెండు రోజులూ బస్వమ్మ ఉత్తరాన్ని తీసి చూస్తూనే ఉంది. అక్షరాలు రాకపోయినా బొమ్మలు అర్థమయ్యాయి. మైకు మీద గీత.

ఆదివారం నాలుగు కావొస్తుండగా రాజేశ్వర్, గ్లోరీ వచ్చారు. గ్లోరీ ఒక దవాఖానలో నర్సు, మాటలో తొందర లేని పిల్ల. చాయలు తాగుతుండగా ప్రకాశం జేబు వణికింది. ఆయన ఉలిక్కిపడి ఛాతీ పట్టుకున్నాడు.

"గుండె కాదు మామా, ఫోనే," అంది గ్లోరీ. వినపడకపోయినా ఆమె నవ్వు చూసి ఆయన నవ్వాడు.

ఖర్జూరాల డబ్బాకు ఫోను ఆనించి, కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు. తెర మీద సృజన్ వచ్చాడు, చిక్కిపోయి, గడ్డం పెంచుకుని. సృజన్ అరచేయి ముందుకు తోశాడు, చెరుకు వదలమని. ప్రకాశం అదే చేయి తోశాడు. పాతికేళ్లు ఆ ఇంట్లో పొద్దున పలకరింపు అదే.

"ఏందిరా ఆ గడ్డం? సబ్బు లేదా?" అన్నాడు ప్రకాశం, నోటితో, చేతులతో.

కొడుకు చేతులు ఏదో అన్నాయి. తండ్రి పకపకా నవ్వాడు. రాజేశ్వర్ ఓపిక పట్టి పట్టి, "చెల్లెమ్మా, పిల్లను ఎక్కడ ఉంచుతడో, ఇల్లు చూసిండో లేదో అడగమను జర," అన్నాడు.

బస్వమ్మ చేయి తెర మీదికి పోయింది. బొమ్మ గుర్తుంది. మైకు నొక్కింది, దాని మీద గీత పడింది. ఇక ఇక్కడి మాట అక్కడికి పోదు. అక్కడి నుంచి "అమ్మా, మీ ఆవాజ్ వస్తలేదు" అన్న సృజన్ గొంతు వినిపించింది.

"నెట్టు మంచిగ లేదన్నా," అంది బస్వమ్మ. "మల్ల మాట్లాడదం."

ప్రకాశానికి అదేమీ తెలియదు. ఆయనకు అసలు ఎప్పుడు మైకు ఉంది గనక. రాజేశ్వర్ పెదవులు చూసి ప్రశ్న పట్టుకున్నాడు. పిల్ల అని, ఇల్లు అని, ఎక్కడ అని చేతులతో అడిగాడు. సృజన్ తల అడ్డంగా ఊపి, పిడికిళ్లు అడ్డం పెట్టాడు. తర్వాత వేళ్లు ఎనిమిది చూపి, మంచం మీద మంచం చూపి, రెండు సీజన్లు అన్నాడు, మిల్లు లెక్కలో రెండేళ్లు.

"ఎనిమిది మంది ఒక్క గదిల పండుకుంటరా? రెండు సీజన్లా?" ప్రకాశం గొంతు ఇల్లంతా నిండింది. "మరి పిల్లను తీసుకపోత అన్నవు గదరా?"

సృజన్ తన ఛాతీని చూపి చేయి అడ్డంగా ఊపాడు. తర్వాత చేతులు నెమ్మదిగా కదిలాయి. ప్రకాశం అది కూడా పైకే అన్నాడు, అలవాటుగా.

"నేను అనలే, అమ్మకు చెప్పిన, అంటున్నడు."

రాజేశ్వర్ చాయ గ్లాసు కింద పెట్టాడు. బస్వమ్మ గోడను చూస్తూ కూర్చుంది. ప్రకాశం ఆమె వైపు తిరిగి అరచేతులు రెండూ తెరిచి చూపాడు. ఏందిది అని.

గ్లోరీ ముందుకు వంగి మైకు మీది గీత చూసింది, బస్వమ్మ ముఖం చూసింది, వేలితో నొక్కింది. గీత పోయింది.

"ఇప్పుడు వినపడుతున్నదా?"

"ఆఁ, వస్తున్నది," అన్నాడు సృజన్. తడబడుతూ, "చెప్పమన్న నేను. చెప్పిన్రనుకున్న."

"మాకు చెప్పలేదు," అంది గ్లోరీ. "మీ గది జర చూపించండి. బాణాల గుర్తు నొక్కితే అటు కెమెరా పనిచేస్తది."

గది కనిపించింది. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, మంచానికి మంచానికి మధ్య తాడు, తాడు మీద తడి బట్టలు, ఒక మంచం మీద ముసుగు తన్ని పడుకున్న మనిషి. కింది మంచం దగ్గర బొమ్మ ఆగింది. "ఇది నాది," అన్న గొంతు వచ్చింది. దాని కింద ఒక రేకు పెట్టె, చెప్పులు. బస్వమ్మ ఇన్నాళ్లూ కొడుకు పడుకునే చోటును ఏదో హోటల్ గదిలా ఊహించుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లే బిడ్డా, పోదం," అన్నాడు రాజేశ్వర్.

"ఉండు నాయినా." గ్లోరీ కదలలేదు. "నేను దుబాయి పోత అని నేనెప్పుడన్న అన్ననా? నువ్వే అంటివి. నాకు ఇక్కడ ఉద్యోగం ఉన్నది." తెర వైపు తిరిగింది. "రెండేండ్లు అయినంక మల్ల అగ్రిమెంటు కడతరా?"

"లేదు, ఇంక కట్ట," అన్నాడు సృజన్. "వచ్చేస్త. వచ్చినంక ఇక్కడ ఏం చేస్తనో మాత్రం నాకింకా తెల్వది. అది గూడ చెప్తున్న, మల్ల ఎవ్వరు చెప్పలే అనొద్దు."

"అయితే ప్రధానం ఇప్పుడొద్దు," అంది గ్లోరీ. " మీరు ఆదివారం ఆదివారం మాట్లాడండి నాతోని. ఆ ఆప్ నేను గూడ ఎక్కించుకుంట. మీరు వచ్చేటప్పటికి ఇద్దరికీ మనసైతే అప్పుడు చూద్దం. లేకుంటే లేదు."

"ఆ మధ్యల వేరే సంబంధం వస్తే?" అన్నాడు రాజేశ్వర్.

"వచ్చినప్పుడు చెప్త నాయినా."

ప్రకాశం ఒక ముఖం నుంచి మరో ముఖానికి చూస్తున్నాడు. తెర మీద ఇంకా మంచాలే ఉన్నాయి, కొడుకు చేతులు లేవు. భార్య మోచేయి తట్టాడు. "ఏమంటున్నది పిల్ల?"

గ్లోరీ కూడా బస్వమ్మ వైపు తిరిగింది. "మామకు చెప్పండి. ముందే నిజం చెప్పి ఉంటే నేను వద్దనకపోదును, ఇప్పుడు ఎదురుచూడుమంటున్న, అది మీ వల్లనే అని గూడ చెప్పండి."

బస్వమ్మ చేతులు ఒడిలోంచి తీసింది. ప్రధానం అన్నది, ఇప్పుడొద్దు అన్నది. ఆదివారం, ఫోను, మాటలు. కొడుకు రావాలి, ఇద్దరి మనసు కుదరాలి, కుదరకపోతే లేదు. వేరే సంబంధం రావచ్చు, అది కూడా అన్నది. చివరి మాట, ఇదంతా తన అబద్ధం వల్లనే అన్నదానికి, ఆమెకు సైగ తెలియలేదు. ఇంట్లో ఇన్నేళ్లలో దాని అవసరం పడలేదు. కొంచెం వెతుక్కుని, తన నోటిని వేలితో చూపి, ఆ వేలును వంకరగా తిప్పి, తన గుండె మీద పెట్టుకుంది.

ప్రకాశం చూశాడు. ఈసారి పైకి అనలేదు.