ట్యాంకు కడిగిన వాళ్లు

ప్రభుత్వ ఆఫీసుల్లో ఎవరూ ఏ పనీ చెయ్యరు. పనులన్నీ వాటంతట అవే చేయబడతాయి. రోడ్లు వేయబడతాయి, విత్తనాలు పంచబడతాయి, ఫిర్యాదులు స్వీకరించబడి, ఆ తర్వాత ఎక్కడో పడబడతాయి. ఈ 'బడు' ఎక్కడ కనబడినా దానికి బడితపూజ చెయ్యడమే ధర్మవరం విలేకరి కుమారస్వామి ఉద్యోగం. అనంతపురం డెస్కులో కూర్చునే పుష్పావతి మేడం ఆయనకు నేర్పిన పాఠం ఒక్కటే: ప్రతి వాక్యంలో ఒక మనిషి కనిపించాలి. ఎవరు చేశారో ముందు చెప్పు, ఏం చేశారో తర్వాత చెప్పు, మిగతాది చెత్తబుట్టకు చెప్పు.

ఆ సాయంత్రం బస్టాండు ఎదురుగా టీ బంకులో కూర్చున్న కుమారస్వామి చేతికి నీళ్ల ఆఫీసు గుమాస్తా తిరుపాల్ ఒక నోట్ ఇచ్చాడు.

"రాట్నాల కాలనీ యందలి ఉపరితల నీటి తొట్టి శుభ్రపరచబడినది. క్లోరినేషన్ ప్రక్రియ నిర్వహించబడినది. నీటి సరఫరా రేపు ఉదయము నుండి పునరుద్ధరించబడును. ప్రజలు వదంతులను విశ్వసించవలదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

రాట్నాల కాలనీ అంతా పట్టుమగ్గాల వాళ్లే. కుమారస్వామి చెల్లెలు వాణి, ఆమె చిన్న కూతురు మంజుల ఉండేదీ అక్కడే. వానలకు మురుగు పైపుల్లో కలిసి ట్యాంకుకెక్కి, ఇంటికొకరు వాంతులతో మంచం పట్టారు. ఆస్పత్రికి పోయిన ఒక ముసలామె ఇంటికి తిరిగి రాలేదు. ఆనాటి నుంచి కొళాయిలు కట్టేసి లారీలతో నీళ్లు తోలుతున్నారు.

వాణి మధ్యాహ్నమే అన్నకు చెప్పింది. "ఆఫీసోళ్లు గోడకు ఏందో అంటించినారు. చదివితే నోరు తిరగల్య, అర్థం కాల్య. నువ్వు పేపర్లో రాయన్నా. మంచివని నువ్వు రాస్తే తాగుతాం."

కుమారస్వామి నోట్ మీద పెన్నుతో పడ్డాడు. ఇందుమూలముగాను మూలకు తోశాడు. చివరి నుంచి పునరుద్ధరణను లాక్కొచ్చి ముందు నిలబెట్టాడు, జనానికి కావలసింది అదే గనక. 'రాట్నాల కాలనీకి నేటి ఉదయం నుంచి కొళాయి నీళ్లు వస్తాయి.' బాగుంది. రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగింది.

"తిరుపాలూ, ట్యాంకు ఎవురు కడిగినారబ్బా?"

"శుభ్రపరచబడినదని రాసుండాది కదప్పా."

"అది నాకూ కనబడబడింది. ఎక్కినోడు ఎవురు, దిగినోడు ఎవురు అంటాండా."

తిరుపాల్ టీ గ్లాసులోకి చూస్తూ, "ఏఈ సార్ని అడుగు. సారు హిందూపురం మీటింగుకు పోయినాడు" అన్నాడు. "నీ వార్త పడితేనే జనం కొళాయి తిప్పేది అన్న్యాడు సారు. రేపే పడాలంట."

అనంతపురం బస్సు హారన్ కొట్టింది. వార్తల కవరు ఆ డ్రైవరు చేతిలో పెడితేనే రాత్రికి డెస్కు చేరేది. హిందూపురం నుంచి ఆ ఏఈ ఇంజనీరు ఎప్పుడు తిరిగొచ్చేను, ఎప్పుడు దొరికేను. మనిషి లేని వాక్యం పంపితే పుష్పావతి మేడం నిలువునా నిలదీస్తుంది. ఇలాంటి ఇరుకులో కుమారస్వామికి అచ్చివచ్చిన మాట ఒకటుంది. సిబ్బంది అని రాస్తే ఇబ్బంది ఉండదు.

'సిబ్బంది ట్యాంకును శుభ్రంగా కడిగారు. నీళ్లలో క్లోరిన్ కలిపారు. ఇక భయం లేకుండా తాగవచ్చు.'

చివరి వాక్యం నోట్‌లో లేదు. కానీ మూడు ముక్కలూ చదువుకుంటే కొత్త రాగి బిందెలా మెరిశాయి. కవరు బస్సెక్కింది.

పొద్దున్నే పుష్పావతి ఫోన్ చేసింది. "వార్త ముచ్చటగా ఉంది కుమారస్వామిగారూ. ఒక్క 'బడు' లేదు. పెనుకొండ, హిందూపురం వాళ్లకు కూడా మీలా రాయమని చెప్పాను. ట్యాంకు కడిగిన వాళ్ల ఫోటో ఒకటి పంపండి, రేపు వేద్దాం."

కెమెరా మెడకు తగిలించుకుని, సైకిలెక్కి, ఈల వేసుకుంటూ పోయాడు. ట్యాంకు కింద ఈల ఆగిపోయింది.

గేటు తాళం మీద తిప్పతీగ అల్లుకుని పూత కూడా పట్టింది. లోపల నిచ్చెనకు కింది మెట్లు తుప్పు పట్టి ఊడిపోయాయి. తొలి మెట్టు తల మీదెక్కడో ఉంది. దాన్ని అందుకుని ఎక్కాలంటే ఇంకో నిచ్చెన తేవాలి, తెచ్చిన గుర్తు ఆ తడి మట్టిలో ఒక్కటీ లేదు. పైనుంచి కారిన నీళ్ల చారిక పచ్చగా ఉంది. వాసన ముక్కుకు కాదు, గొంతుకు తగిలింది. గేటు బయటికి వచ్చిన లావు పైపు మీద చెయ్యి పెడితే లోపల నీళ్లు పరుగెత్తుతున్న అదురు అరచేతికి తెలిసింది. పక్కనున్న వాల్వు అప్పటికే తిప్పేశారు.

సందు చివర ఎస్టీడీ బూత్ నుంచి ఏఈ ఇంటికి ఫోన్ చేశాడు.

"సార్, ట్యాంకు ఎవురూ కడగల్యా. గేటు కూడా తీయల్యా. వాల్వు మూయించండి సార్."

అవతల కాసేపు పేపరు తిప్పిన చప్పుడు. "కడిగినారని నేను యాడ చెప్పినానప్పా?"

"నోట్‌లో..."

"నోట్‌లో సిబ్బంది అని ఉండాదా, చూడు. భయం లేకుండా తాగమని ఉండాదా? అది నువ్వు రాసినావు. మా ఫైల్లో మా నోటుంది, జనం చేతిలో నీ పేపరుంది." ఏఈ గొంతులో కోపం లేదు, ఆవులింత ఉంది. "మేం కాంట్రాక్టరుకు చెప్పినాం, వాడు కడిగినానన్న్యాడు, అందుకే శుభ్రపరచబడినది. ఎవురైనా అడిగితే విచారించబడును. సరేనా."

ఫోన్ పెట్టేశాడు. కుమారస్వామి బూత్ బయటికొచ్చి సైకిలందుకున్నాడు.

కాలనీలోకి సైకిల్ తోసుకుంటూ పరుగెత్తాడు. మగ్గాల చప్పుడు, కొళాయిల చప్పుడు కలిసి వినిపిస్తున్నాయి. వీధి పొడవునా బిందెలు. "తాగొద్దండి. ట్యాంకు కడగల్యా. పారబోయండి" అని ప్రతి గడప దగ్గరా అరిచాడు. కొందరు వంచేశారు. కొందరు నవ్వారు, ఎప్పుడూ తమాషా మాట్లాడే మనిషి కదా అని. మగ్గం గుంతలో కూర్చున్న ఈరన్న కాళ్లు ఆపకుండానే పక్కన మడిచి పెట్టిన పేపరు తీసి చూపించాడు.

"ఈడ కడిగినారని నువ్వే రాసినావు కదప్పా స్వామీ. గోడ మీది కాయితమైతే నేనూ నమ్ముతాంటినా? తేటగా రాసినావు, మా మనవడు కూడా చదివి చెప్పినాడు."

"తప్పు రాసినా పెద్దాయనా."

"తప్పంటే ఇంత తేటగా ఎట్లుంటాది" అని ఈరన్న పక్కనున్న చెంబెత్తి గటగటా తాగాడు.

కుమారస్వామి ఆ చెంబు లాక్కోవాలనుకున్నాడు. కాళ్లు మాత్రం వాణి ఇంటి వైపు లాగాయి.

వాణి గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. వెనక పొయ్యి మీద ఏ గిన్నే లేదు. మూల బిందె నిండుగా, పైన మూత.

"కాంచినారా నీళ్లు?"

"రోజూ కాంచి కాంచి కట్టెలయిపోయె. నువ్వు రాసినావని ఈ పొద్దు కాంచలేదన్నా."

"మంజుల తాగిందా?"

"లేస్తానే రెండు గ్లాసులు తాగె. లారీ నీళ్లు డీజిలు కంపు కొడతాండాయని ఇన్నాళ్లూ సరిగా తాగల్య కదా." వాణి లోపలికి చూసింది. "ఆడుకొంటాన్న్యది ఇప్పుడే వచ్చి పండుకొనె. ఎందుకన్నా, అట్ల చూస్తాండావు?"

కుమారస్వామి బిందెను రెండు చేతులా ఎత్తి వీధిలో కుమ్మరించాడు. నీళ్లు పక్కింటి బిందెల మధ్య నుంచి మెల్లగా పారాయి. ఆ ఇంటావిడ బిందె తడవకుండా కాస్త పక్కకు జరుపుకుని, మళ్లీ కొళాయి కింద పెట్టుకుంది.

లోపల చాప మీద మంజుల మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పక్కకు ఒత్తిగిల్లింది.

"మామా," అంది కళ్లు తెరవకుండానే, "కడుపులో ఏందో తిరుగుతాంది."